వీణ మెట్టుకీ లాగ్ టేబుల్‌కీ మధ్య

సెంటు అనగానే మన జిల్లాల్లో ఎవరికైనా గుర్తొచ్చేది భూమి. వంద సెంట్లయితే ఎకరం. అందుకే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే పెద్దాయన ఒకరు నాకు ఫోన్ చేసి, "మాస్టారూ, గాంధారం పదకొండు సెంట్లు తక్కువంటన్నారు. సెంట్లేటండీ, నానేటి పొలం అమ్మినానా?" అని అడిగితే ముందు నవ్వొచ్చింది. విషయం విన్నాక నవ్వు ఆగిపోయింది.

ఆయన చేసిన వీణ ఒకటి హైదరాబాదు వెళ్లింది. కొన్నవారు చదువుకున్నవారే. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి ఒక్కో మెట్టూ మీటి చూశారు. అంతర గాంధారం దగ్గర ముల్లు ఎర్రగా మారి -11 అని చూపించింది. పంచమం దగ్గర -4 అంది, ఆకుపచ్చ దీపం వెలిగింది. "పంచమం పర్వాలేదు, గాంధారం తప్పు. మేళం మళ్లీ కట్టి పంపితేనే మిగతా డబ్బు ఇస్తాం" అని స్క్రీన్‌షాట్‌తో సహా మెసేజ్ పెట్టి వీణను వెనక్కి పంపారు. రావలసింది 8,000 రూపాయలు. పెద్దాయన బాధ డబ్బు గురించి ఒక్కటే కాదు. "ఆ ఫోను చెప్పిందే నిజమైతే, మా నాన్న దగ్గర్నుంచి చెవిని బట్టి కట్టినవన్నీ తప్పులేనా ఏటి?" అన్నారు.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన వాణ్ణి. విజయనగరంలో ఉంటూ సాయంత్రాలు వీణ నేర్చుకున్నాను. మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పుట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణ దాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పారు. అలాంటి ఊళ్లో లెక్కల మాస్టారికి శ్రుతి మీద ఆసక్తి కలగడం వింతేమీ కాదు. కాలిక్యులేటరూ, ఒక నోటుబుక్కూ సంచిలో పడేసుకుని బొబ్బిలి బస్సెక్కాను.

ముందు ఈ సెంటు ఏమిటో చెప్పాలి. తీగ సెకనుకు ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్జ్. షడ్జమం 165 హెర్ట్జ్ అనుకుంటే దాని పై షడ్జమం 330, ఆపైది 660. మొదటి మెట్టుకు 165 పెరిగింది, రెండో మెట్టుకు 330 పెరిగింది. కానీ చెవికి రెండూ ఒకే దూరం, ఒక్కో స్థాయి. అంటే చెవి తీసివేతలు చేయదు, భాగహారం చేస్తుంది. అది వినేది నిష్పత్తిని.

నిష్పత్తులతో ఒక ఇబ్బంది ఉంది. అవి కూడవు, గుణించాలి. స నుంచి ప కు 3/2, ప నుంచి పై స కు 4/3, రెండూ గుణిస్తే 2. గుణకారాన్ని కూడికగా మార్చే పనిముట్టు మనం ఇంటర్మీడియట్‌లో చూసిందే, సంవర్గమానం, అదే లాగ్. లండన్‌లో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే పండితుడు 1885లో పలు దేశాల స్వరస్థానాల మీద వ్యాసం రాస్తూ ఈ లాగ్‌నే కొలబద్దగా చేశాడు. ఒక స్థాయిని 1200 సమాన భాగాలు చేసి ఒక్కోదాన్ని సెంటు అన్నాడు. హార్మోనియం మీద పక్క పక్క మెట్ల మధ్య ఉండే దూరం వంద సెంట్లు. ఎకరానికి వంద సెంట్లున్నట్టే, అరస్వరానికి వంద సెంట్లు. ఆ పోలిక చెప్పగానే పెద్దాయన "అయితే పదకొండు సెంట్లంటే ఇల్లు కట్టుకోవచ్చు!" అన్నారు.

సూత్రం ఇది:

```
cents = 1200 × log2(f2 / f1)
      = 3986.31 × log10(f2 / f1)
```

f1 ఆధార స్వరం, f2 మనం కొలిచే స్వరం. మామూలు కాలిక్యులేటర్లో log అని ఉండేది పది ఆధారంగా ఉన్న లాగ్, కాబట్టి రెండో వరస వాడుకోవాలి. పక్కనే ln అని ఇంకో మీట ఉంటుంది. పొరపాటున దాన్ని నొక్కి 3986తో గుణిస్తే జవాబు రెండింతలకు మించి వస్తుంది. ln వాడితే గుణించాల్సింది 1731.23తో. సరిగ్గా నొక్కామో లేదో తెలుసుకోడానికి ముందు 2 కి లెక్క కట్టి చూడండి, 1200 రావాలి. రాకపోతే మీట తప్పు. పాత లాగ్ టేబుల్‌తో కూడా పని జరుగుతుంది. నాలుగంకెల టేబుల్లో చివరి అంకె ఒకటి తేడా వస్తే సెంట్లలో తేడా 0.4 మాత్రమే.

ఇక వీణ. ఏకాండి వీణ, అంటే కుండా దండీ ఒకే పనస మొద్దులోంచి తొలిచింది. దండి మీద రెండు పక్కలా మైనం గట్లు, వాటి మీద 24 మెట్లు. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. ఈ మెట్లను మైనంలో కూర్చి శ్రుతి చేయడాన్నే మేళం కట్టడం అంటారు. గిటారు మెట్లలాగా కొయ్యలో దిగగొట్టినవి కావు గనక జరపొచ్చు. అదే సౌకర్యం, అదే ప్రమాదం. మే నెల ఎండలో లారీలో ప్రయాణం చేసిన వీణ మైనం మెత్తబడి మెట్టు ఒరిగిపోవచ్చు.

కొలవడం మొదలుపెట్టాం. ఫ్యాను ఆపించాం. తక్కిన తీగలు మోగకుండా గుడ్డ పరిచాం. సారణి తీగను ఒట్టిగా మీటితే 165.0. దీనికి ముడిపెట్టే మిగతావన్నీ చూడాలి. తర్వాత పంచమం మెట్టు నొక్కి మీటాం. మీటిన క్షణంలో తీగ పెద్దగా ఊగుతూ బిగుతెక్కుతుంది, స్వరం కాస్త హెచ్చుగా వినిపించి తర్వాత దిగి నిలుస్తుంది. అందుకని మొదటి అరసెకను వదిలేసి, నిలిచాక అంకె రాసుకున్నాను. ఐదుసార్లు మీటితే 246.6, 246.3, 246.4, 246.4, 246.5. మధ్యలోది 246.4. ఈ ఐదింటి మధ్య తేడాయే 0.3 హెర్ట్జ్, ఈ స్థాయిలో రెండు సెంట్లు. కాబట్టి నా కొలత మీద నమ్మకం కూడా ఒకటి రెండు సెంట్ల దాకానే. ఒక్కసారి మీటి, యాప్ చూపిన అంకెను దశాంశంతో సహా నమ్మితే మోసపోతాం.

లెక్క ఇలా సాగింది. 246.4ని 165తో భాగిస్తే 1.49333. దాని లాగ్ 0.17416. 3986.31తో గుణిస్తే 694.2 సెంట్లు. శుద్ధంగా కుదిరిన పంచమం 3/2. దాని లాగ్ 0.17609, సెంట్లలో 702.0. అంటే మన పంచమం దాదాపు 7.7 సెంట్లు తక్కువ. పర్వాలేదని యాప్ ఆకుపచ్చ దీపం వెలిగించిన పంచమం ఇదే.

గాంధారం 206.3 వచ్చింది. 165తో భాగిస్తే 1.2503, సెంట్లలో 386.7. తంబూరాతో కలిసిపోయే అంతర గాంధారం 5/4, అంటే 386.3. తేడా అర సెంటు కూడా లేదు. యాప్ ఎర్రగా చూపించిన గాంధారం ఇదే.

ఫోన్ అబద్ధం చెప్పిందా? లేదు. అది కొలిచింది బాగానే కొలిచింది, కానీ వేరే కొలబద్దతో. యాప్‌లో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి ఉంటుంది. దాని లెక్కలో గాంధారం 400 దగ్గర, పంచమం 700 దగ్గర ఉండాలి. పైగా మన షడ్జమం ఎంతో దానికి తెలియదు. తన సొంత E3, 164.81 హెర్ట్జ్, అదే షడ్జమం అనుకుంటుంది. మన 165 అప్పటికే దానికంటే 2 సెంట్లు ఎక్కువ. శుద్ధ పంచమం 247.5 వాయించి ఉంటే, షడ్జమంలోని 2, 702కీ 700కీ మధ్య ఉన్న ఇంకో 2 కలిపి, B3 పక్కన +4 చూపించేది. మన మెట్టు అక్కణ్నుంచి 7.7 కిందికి జారి ఉంది గనక -4 చూపించింది. తప్పు సగానికి తగ్గి కనిపించి దీపం ఆకుపచ్చగా వెలిగింది. గాంధారం విషయంలో తిరగబడింది. 386.7లోంచి 400 తీసి, షడ్జమంలోని 2 కలిపితే -11. తప్పు లేనిచోట తప్పు కనిపించింది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. వీణకైనా వయొలిన్‌కైనా యాప్‌లో ముల్లు చూడకండి, హెర్ట్జ్ అంకె చూడండి. మీ షడ్జమంతో భాగించండి. లాగ్ తీయండి. కొన్ని యాప్‌లలో షడ్జమాన్ని మనమే పెట్టుకుని, శుద్ధ నిష్పత్తులు ఎంచుకునే వీలుంది. అది లేనప్పుడు ఈ మూడు అడుగులూ చాలు.

హెర్ట్జ్ తేడానే నేరుగా చూసుకుంటే పోలేదా, ఈ లాగ్ ఎందుకు అని పెద్దాయన కొడుకు అడిగాడు. మంచి ప్రశ్న. పంచమంలో మన తేడా 1.1 హెర్ట్జ్. అది 247 దగ్గర 7.7 సెంట్లు. అదే 1.1 హెర్ట్జ్ మంద్రంలో, 82.5 దగ్గర వస్తే 23 సెంట్లు, పక్కింటివాళ్లకు కూడా అపశ్రుతి అని తెలిసిపోతుంది. పైన 495 దగ్గర వస్తే 4 సెంట్లు కూడా లేదు. హెర్ట్జ్ ఒకటే, చెవికి తగిలే దెబ్బ వేరు. సెంటుకు ఆ తేడా లేదు, ఏ స్థాయిలోనైనా 7.7 అంటే 7.7.

"లెక్క సరే మాస్టారూ, నాకు చెవికి వినిపించాలి కదండీ," అన్నారు పెద్దాయన. న్యాయమైన మాటే. రెండు స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తే నాలుగైదు సెంట్ల తేడా చాలామందికి అందదు. కలిపి ఒకేసారి మోగిస్తే సంగతి వేరు. వీణ పక్కన తాళానికి మూడు తీగలుంటాయి కదా, వాటిలో పక్క పంచమాన్ని శుద్ధంగా 247.5కి బిగించాం. దాన్నీ, సారణి మీద పంచమం మెట్టునూ కలిపి మీటాం. రెండూ దాదాపు ఒకటే అయినప్పుడు నాదం ఉయ్యాలలా పెరుగుతూ తగ్గుతూ వస్తుంది. వాటిని మా పాఠ్యపుస్తకాల్లో విస్పందనాలు అనేవారు, పెద్దాయన అలలు అంటారు. సెకనుకు ఎన్ని అలలో, రెండింటి మధ్య అన్ని హెర్ట్జ్ తేడా. గడియారం పెట్టుకుని లెక్కపెట్టాం. పది సెకన్లకు పదకొండు. సెకనుకు 1.1. కాలిక్యులేటరు చెప్పిందే చెవీ చెప్పింది.

అలలు తేడా ఎంతో చెబుతాయి గానీ ఎటువైపో చెప్పవు. మెట్టు హెచ్చయినా తగ్గయినా అలలు అవే. దీనికి పెద్దాయన దగ్గర పాత కిటుకు ఉంది. మెట్టు మీద వేలితో తీగను కొద్దిగా పక్కకు లాగారు. లాగితే స్వరం పెరుగుతుంది. అలలు నెమ్మదించి, ఒక చోట ఆగిపోయాయి. "తక్కువే ఉందండి," అన్నారు. లాగితే అలలు ఇంకా జోరెక్కి ఉంటే హెచ్చున్నట్టు.

ఇప్పుడు మెట్టు ఎంత జరపాలి? తీగ మొత్తం గుర్రం దాకా 84 సెంటీమీటర్లు. శుద్ధ పంచమానికి మూడింట రెండొంతులు, 56 సెంటీమీటర్లు మోగాలి. టేపు పెట్టి చూస్తే మెట్టు నుంచి గుర్రానికి 56.6 ఉంది. కొడుకు వెంటనే "అయితే ఆరు మిల్లీమీటర్లు జరపాలి" అన్నాడు. అలా జరిపితే చెడిపోయేది. ఎందుకంటే 84ని 56.6తో భాగించి లాగ్ తీస్తే వచ్చేది 683.5 సెంట్లే, కానీ మనం విన్నది 694.2. ఆ పైన వచ్చిన పదకొండు సెంట్లు వేలి నొక్కుడువి. మెట్టు మీదికి తీగను నొక్కినప్పుడు అది సాగి బిగుతెక్కుతుంది, ఆ బిగువు స్వరాన్ని పెంచుతుంది. మెట్టును కొలబద్ద ప్రకారం 56 దగ్గర పెడితే పంచమం పదకొండు సెంట్లు హెచ్చేది. మెట్ల ఎత్తు, తీగ లావు, నొక్కే చెయ్యి మారితే ఈ అంకె కూడా మారుతుంది. టేపుతో మేళం కట్టలేకపోవడానికి కారణం ఇదే.

టేపు పూర్తి స్థానం చెప్పలేదు గానీ, ఇప్పుడున్న చోటునుంచి ఎంత జరగాలో బాగానే చెబుతుంది. నొక్కుడు రెండు చోట్లా దాదాపు ఒకటే కదా. ఒక సెంటుకు పొడవు 0.058 శాతం మారుతుంది. 7.7 సెంట్లకు 0.44 శాతం. 56.6 సెంటీమీటర్లలో అది రెండున్నర మిల్లీమీటర్లు. గుర్రం వైపు రెండున్నర మిల్లీమీటర్లు. పెద్దాయన మెట్టు కింద మైనాన్ని వెచ్చచేసి మెత్తబరిచి, బొటనవేళ్లతో అంతకు అంత నెట్టి, చల్లారనిచ్చి మళ్లీ మీటారు. 247.4. శుద్ధ పంచమానికి ముక్కాలు సెంటు లోపు. పక్క పంచమంతో కలిపి మీటితే అల ఒకటి పూర్తి కావడానికి పది సెకన్లు పట్టింది. ఆలోపు నాదమే ఆరిపోతోంది, ఇక కొలిచేదేమీ మిగల్లేదు.

పై స్థాయి మెట్లకు ఇదే జరుపుడు ఇంకా చిన్నదవుతుంది. పంచమం దగ్గర ఒక సెంటుకు మిల్లీమీటరులో మూడో వంతు. చివరి మెట్టు దగ్గర మోగే తీగ 21 సెంటీమీటర్లే గనక సెంటుకు మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఒక్క మిల్లీమీటరు ఒరిగితే ఎనిమిది సెంట్లు పోయినట్టే. ఎండలో పెట్టిన వీణ మొదట పైస్థాయిలోనే పాడు వినిపించేది ఇందుకే.

గాంధారాన్ని ముట్టుకోలేదు. నోటుబుక్కు పేజీ ఒకటి చింపి, షడ్జమం, గాంధారం, పంచమం అంకెలు, భాగహారం, లాగ్, సెంట్లు వరసగా రాశాను. యాప్ ఏ షడ్జమం అనుకుందో, దాని గాంధారం ఎక్కడుందో కూడా రాశాను. పంచమం నిజంగానే జారిందనీ, సరిచేశామనీ దాచకుండా రాయమని పెద్దాయనే అన్నారు. కొడుకు దాన్ని ఫొటో తీసి హైదరాబాదుకు పంపాడు. గంట తర్వాత వాళ్లు ఫోన్ చేసి, తంబూరా పెట్టుకుని రెండు గాంధారాలూ వాయించి వినిపించమన్నారు. పెద్దాయన ఫోన్ ముందు మెట్టును ఉన్నదున్నట్టు ఒకసారి మీటారు. తర్వాత తీగను యాప్ కోరిన చోటుకి లాగి మీటారు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "మొదటిదే బాగుందండీ" అన్నారు. మిగతా డబ్బు సాయంత్రానికి వచ్చింది.

వెళ్లబోతూ కుతూహలం కొద్దీ చతుశ్శ్రుతి రిషభం మెట్టు కూడా కొలిచాను. 185.3. సెంట్లలో 201. శుద్ధంగా 9/8 అయితే 204 ఉండాలి. మూడు తక్కువ. ఇదీ జారిందా అని అడిగాను.

"జారలేదండి, నేనే అలగ పెట్టినాను," అన్నారు. ఆ మెట్టు సారణి తీగ ఒక్కదానికే కాదు, నాలుగు తీగల కిందా అదే ఉంటుంది. పక్కనున్న పంచమం తీగ మీద అదే మెట్టు నొక్కితే వచ్చేది దైవతం. మెట్టు 204లో ఉంటే ఆ దైవతం 702కి 204 కలిపి 906 అవుతుంది. తంబూరాకు ఇంపుగా ఉండే 5/3 దైవతం మాత్రం 884. తేడా 22 సెంట్లు. శాస్త్రంలో ప్రమాణ శ్రుతి అనే 81/80 నిష్పత్తి సరిగ్గా ఇదే. దైవతం కోసం మెట్టును 22 కిందికి దించితే సారణి మీద రిషభం పాడవుతుంది. ఒక్క మెట్టు ఇద్దరికీ న్యాయం చేయలేదు. ఎన్ని దశాంశాల దాకా లాగ్ తీసినా ఈ చిక్కు విడిపోదు, ఎంత పెద్దదో తెలుస్తుందంతే.

"మరి మూడు తక్కువే ఎందుకు?" అన్నాను.

ఆయన మైనం అంటిన వేళ్లు తుడుచుకుంటూ చెప్పారు. "తక్కువుంటే వాయించేవాళ్లు తీగ లాగి పైకి ఎక్కించుకుంటారు మాస్టారూ. ఎక్కువుంటే కిందికి దించడానికి ఆళ్ల దగ్గర ఏ దారీ నేదు కదండీ."

నోటుబుక్కులో రిషభం పక్కన 201 అని రాసి, దాని కింద ఆ మాట కూడా రాసుకున్నాను.